పద్దెనిమిది నిండితే నాన్న బాధ్యత తీరిపోతుందా?
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో సామాజిక చర్యల కమిటీ సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



పోయినేడు ఇదే సభలో గృహహింస కేసుల గురించి మాట్లాడాను. సభ అయ్యాక భోజనాల దగ్గర నలుగురైదుగురు నన్ను పట్టుకుని అడిగింది మాత్రం ఒకటే. "అక్కా, కొట్టడం తిట్టడం సంగతి తర్వాత. ఆయన వదిలేసి పోయాడు, పిల్లల ఫీజులు నేనే కడుతున్నా. ఆయన దగ్గర ఏమైనా రాబట్టవచ్చా? పిల్ల మేజరయిపోతే ఇంక అడగకూడదంట, నిజమేనా?" అని. అందుకే ఈసారి ఆ ఒక్క సంగతే మాట్లాడతాను. కోర్టువాళ్లు దీన్ని మెయింటెనెన్స్ అంటారు, మన తెలుగులో మనోవర్తి.

చట్టం చెప్తే ఎవరికీ గుర్తుండదు. మా కమిటీ దగ్గరికి వచ్చిన ఒక చెల్లెలి కేసు చెప్తాను. పేరు, ఊరు చెప్పను, ఆమెను అడిగే చెప్తున్నాను. ఆమె చేసిన తప్పులు కూడా చెప్పమంది, "ఇంకొకరు చేయకుండా ఉంటారు" అని.

ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, 2006 ఆగస్టులో పుట్టింది. చిన్నవాడు 2009లో పుట్టాడు. భర్త 2017లో పట్నంలో ఉద్యోగమని పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. ఈమె పుట్టింటికి వచ్చి మిషను కుట్టుకుంటోంది. మొదటి రెండేళ్లు పెద్దమనుషుల పంచాయితీల చుట్టూ తిరిగింది. ఒక పంచాయితీలో లక్ష రూపాయలు ఏకమొత్తంగా ఇస్తాం, ఇక పిల్లల గురించి ఎప్పుడూ అడగనని బాండు కాగితం మీద రాసివ్వమన్నారు. అదృష్టం, ఆమె అన్న ఒప్పుకోలేదు.

ఇక్కడ ఒక మాట. అలాంటి కాగితం మీద సంతకం పెట్టినవాళ్లు ఈ సభలో కూడా ఉండొచ్చు. పెట్టాం కాబట్టి అయిపోయిందని అనుకోకండి. తల్లి తన హక్కు తాను వదులుకోవచ్చేమో గాని, పిల్లల హక్కును తల్లి వదిలేయడానికి లేదు. అది పిల్లలది. కూతురి హక్కును తల్లి రాజీలో వదిలేస్తే అది చెల్లదని సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాగితం ఉంటే దాన్ని దాచకుండా లాయరుకు చూపించండి. ఇచ్చిన డబ్బు ఇచ్చినట్టు కోర్టు లెక్కలో వేసుకుంటుంది, కేసు మాత్రం నిలుస్తుంది.

ఇంక కేసులోకి వస్తాను. 2019 జూన్‌లో ఆమె కోర్టులో అర్జీ వేసింది. అప్పుడది 125 సెక్షను. ఇప్పటికీ అందరం ఆ నంబరే అంటాం. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది కాబట్టి ఇప్పుడు అది 144 సెక్షను. నంబరు మారింది, పిల్లల విషయంలో మాట మారలేదు. సంపాదించే శక్తి ఉండి పిల్లల్ని పట్టించుకోని తండ్రి మీద నెలనెలా ఇంత ఇవ్వమని ఆర్డరు వేయించుకోవచ్చు. ఇది అన్ని మతాలవాళ్లకీ, గిరిజనులకీ, అందరికీ ఒకటే. పెళ్లి చెల్లదని, రెండో భార్య అని తండ్రి వాదించినా పిల్లల హక్కు పోదు, చట్టంలోనే ఆ మాట ఉంది. ఆయన పనిచేసే ఊరికి పోయి కేసు వేయక్కర్లేదు, మనం ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు.

ఆ చెల్లెలు మొదటి తప్పు అర్జీలోనే చేసింది. "పిల్లల ఖర్చులకు నెలకు ఆరు వేలు ఇప్పించండి" అని ఒక్క ముక్క రాయించింది. ఫీజులు ఎంత, పుస్తకాలు ఎంత, బస్సు ఎంత అని విడదీయలేదు, ఒక్క రసీదు పెట్టలేదు. పిల్లకు 2,500, పిల్లాడికి 2,500 చొప్పున నెలకు 5,000 ఇవ్వమని 2020 నవంబరులో ఆర్డరు వచ్చింది. అర్జీ వేసిన రోజు నుంచి లెక్క కట్టి ఇవ్వాలన్నారు, అది మంచిదే. సుప్రీంకోర్టు కూడా అదే నెలలో, రజ్నేష్ నేహా కేసులో, మనోవర్తి అర్జీ వేసిన రోజు నుంచే ఇప్పించాలని దేశం మొత్తానికీ చెప్పింది. అందుకే అర్జీ వేయడం ఆలస్యం చేసినకొద్దీ మనకే నష్టం. వేయని నెలలకు లెక్క రాదు.

కాని ఆ రెండున్నర వేలలో ఫీజు ఉందా లేదా? ఆర్డరులో ఎక్కడా లేదు. జూన్ నెల రాగానే స్కూలువాళ్లు అడిగితే ఆయన ఫోనులో "నెలనెలా ఇస్తున్నాగా, అందులోనే కట్టుకో" అన్నాడు. ఈమె స్త్రీనిధి లోను తీసుకుని ఫీజు కట్టింది. అక్కా, ఆ లోను మిషను కొనుక్కోవడానికి తీసుకున్నది. మన సంఘాల్లో ఇలాంటి లోన్లు ఎన్ని ఉన్నాయో మన బుక్ కీపర్లను అడిగితే చెప్తారు. పుస్తకంలో మాత్రం "జీవనోపాధి" అని రాసి ఉంటుంది.

తిండి, బట్ట, చదువు, వైద్యం అన్నీ మనోవర్తిలోకే వస్తాయి. చదువు ఖర్చు మామూలుగా తండ్రే భరించాలి, తల్లికి కూడా చాలినంత సంపాదన ఉంటే ఇద్దరూ వాళ్ల వాళ్ల రాబడిని బట్టి పంచుకోవాలని అదే రజ్నేష్ నేహా కేసులో చెప్పారు. ట్యూషను, కోచింగు కూడా అడగొచ్చు, మరీ స్థోమతకు మించి ఉండకూడదంతే. కాని కోర్టు తనంతట తాను ఏమీ ఊహించి ఇవ్వదు. మనం విడగొట్టి అడగాలి. నెల ఖర్చు ఒకటి, చదువు ఖర్చు ఇంకొకటి. చదువు ఖర్చుకు స్కూలు ఫీజు రసీదులు, పుస్తకాల బిల్లు, యూనిఫారం బిల్లు, బోనఫైడ్ సర్టిఫికెట్టు పెట్టాలి. రసీదు మీద ఎవరు కట్టారో ఆ పేరు రాయించుకోండి. మా దగ్గరికి వచ్చిన ఇంకో కేసులో తండ్రి "నేనే కట్టాను" అని చెప్పి రసీదులు చూపించాడు. ఇంటి నుంచి పోతూ పోతూ ఆ రసీదులు పట్టుకుపోయాడన్నమాట. స్కూలు రికార్డులో తండ్రి పేరే కాబట్టి రసీదు మీదా ఆయన పేరే ఉంది. కట్టిన డబ్బు ఎవరిదో తేల్చడానికి ఆర్నెల్లు పట్టింది.

ఇంక రెండో తప్పు. ఇది అందరం చేసేదే. 2021 చివరిదాకా ఆయన ఏదో ముందూ వెనకా ఇచ్చాడు. 2022 జనవరి నుంచి ఆపేశాడు. ఈమె "ఈ నెల కాకపోతే వచ్చే నెల ఇస్తాడులే" అనుకుంది. తర్వాత "ఎలాగూ కోర్టు ఆర్డరు ఉంది, బాకీ ఎక్కడికి పోతుంది, మొత్తం కలిపి ఒకేసారి అడుగుదాం" అనుకుంది. బ్యాంకులో వేసిన డబ్బులా అది అక్కడే ఉంటుందని ఆమె లెక్క. మా దగ్గరికి వచ్చింది 2023 సెప్టెంబరులో. అప్పటికి ఇరవై నెలల బాకీ, లక్ష రూపాయలు.

వసూలుకు వారంటు అడగాలంటే ఒక గడువు ఉంది. ఏ నెల డబ్బు ఏ రోజు ఇవ్వాలో, ఆ రోజు నుంచి ఏడాది లోపల అర్జీ వేయాలి. ఏడాది దాటిన నెలకు వారంటు ఇవ్వరు. ఇరవై నెలల్లో పన్నెండు నెలలకే వారంటు దొరికింది. అంటే 60,000. మిగిలిన ఎనిమిది నెలల 40,000 ఆ దారిలో పోయినట్టే. సివిలు డిక్రీ లాగా అమలు పెట్టించే దారి ఒకటి ఉంది గాని, అది వేరే పని, వేరే కాలం, ఆమెకు ఓపిక లేకపోయింది. అందుకని మా కమిటీలో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆర్డరు ఉన్న ప్రతి సభ్యురాలి పాసుబుక్కు మూడు నెలలకోసారి చూస్తాం. మూడు నెలలు వరసగా పడకపోతే నాలుగో నెలలో అర్జీ వేయిస్తాం. ఒక్కసారే వేయాలని ఏం లేదు, ఎన్నిసార్లు ఆపితే అన్నిసార్లు వేయొచ్చు. డబ్బు చేతికి తీసుకోవద్దని కూడా అందుకే చెప్తున్నాం. బ్యాంకు అకౌంటుకే వేయాలని ఆర్డరులో రాయించుకుంటే ఇచ్చిందీ ఇవ్వనిదీ పాసుబుక్కే చెప్తుంది.

వారంటు వచ్చాక కూడా కట్టకపోతే, కట్టని ఒక్కో నెలకూ ఒక నెల వరకు జైలు వేయొచ్చు. "జైలుకు పోయొస్తా, బాకీ తీరిపోతుంది" అని కొందరు మగవాళ్లు బెదిరిస్తారు. తీరదు. జైలు అనేది కట్టించడానికి చేసే ఒత్తిడి, కట్టినట్టు కాదని సుప్రీంకోర్టు 1989లోనే కుల్‌దీప్ కౌర్ కేసులో చెప్పింది. మా చెల్లెలి భర్త జైలుదాకా పోలేదు. వారంటు పట్టుకుని పోలీసులు ఆయన పనిచేసే చోటికి వెళ్లేసరికి రెండు వాయిదాల్లో అరవై వేలూ కట్టాడు.

అదే సమయంలో మేం ఇంకో అర్జీ కూడా వేయించాం, మొత్తం పెంచమని. ఒకసారి ఆర్డరు వచ్చిందంటే జీవితాంతం అంతే అనుకుంటారు చాలామంది. పరిస్థితి మారితే మార్చమని అడగొచ్చు, పాత చట్టంలో అది 127, ఇప్పుడు 146. ఐదో తరగతి పిల్లాడు తొమ్మిదికి వచ్చాడు, ఖర్చు అదే ఉంటుందా? ఈసారి అర్జీ జాగ్రత్తగా రాయించాం. అది ఎలా రాశామో లెక్కతో సహా చెప్తాను.

పిల్లాడి స్కూలు ఫీజు ఏడాదికి 22,000. పుస్తకాలు, యూనిఫారం, బస్సు కలిపి 6,000. మొత్తం 28,000. ఆమె మిషను మీద నెలకు 8,000 సంపాదిస్తుంది. అది దాచవద్దని ఆమెకు గట్టిగా చెప్పాం. ఎందుకంటే ఇప్పుడు ఇద్దరూ ఆస్తులు, ఆదాయం, అప్పులు రాసి ప్రమాణపత్రం ఇవ్వాలి. మన సంఘం లోన్లు కూడా అందులో రాయాలి. మనం ఒక్కటి దాచి దొరికితే మిగిలినవన్నీ నమ్మరు. ఆయన తన ప్రమాణపత్రంలో జీతం 15,000 అని రాశాడు. ఆయన పనిచేసేది ఒక గోడౌనులో సూపర్వైజరుగా. మేం ఆ కంపెనీ నుంచి జీతం వివరాలు తెప్పించమని కోర్టును అడిగాం. 32,000 అని వచ్చింది. పొలం ఉంటే మీసేవలో అడంగలు, 1బి తీయించండి, బండి ఉంటే నంబరు రాసుకోండి, ఇల్లు కట్టుకుంటే ఫోటో తీయండి. "నాకు ఉద్యోగం లేదు" అని చెప్పి తప్పించుకోవడం కూడా కుదరదు. ఒంట్లో సత్తువ ఉన్న మనిషికి సంపాదించే శక్తి ఉన్నట్టే కోర్టు చూస్తుంది.

ఆయనది 32,000, ఆమెది 8,000. అంటే ఐదు వంతుల్లో నాలుగు ఆయనవి, ఒకటి ఆమెది. చదువు ఖర్చు 28,000ను అలాగే పంచమని అడిగాం. ఆయన వంతు 22,400, ఆమె వంతు 5,600. "నేను కూడా నా వంతు కడతాను" అని తల్లి రాసిస్తే జడ్జిగారికి నమ్మకం కలుగుతుందని మా లాయరమ్మ చెప్పింది, అది నిజమే అయింది. 2024 మార్చిలో ఆర్డరు వచ్చింది. ఇద్దరు పిల్లలకూ నెలకు నాలుగేసి వేలు, పిల్లాడి చదువు ఖర్చులో ఐదింట నాలుగు వంతులు రసీదు చూపిస్తే జూన్ నెలాఖరులోగా విడిగా కట్టాలి. పిల్ల అప్పుడు గవర్నమెంటు జూనియర్ కాలేజీలో ఇంటరు, ఫీజు పెద్దగా లేదు కాబట్టి అడగలేదు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఐదు నెలలు గడిచాయి, ఆగస్టు వచ్చింది. పిల్లకు పద్దెనిమిది నిండాయి. సెప్టెంబరులో అకౌంటులో ఎనిమిదికి బదులు నాలుగు వేలే పడ్డాయి. ఆమె కోపంతో ఊగిపోతూ వచ్చింది, వారంటు వేయించండి అని. మేం ఆ కాగితాలు చూసి కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది, ఈసారి తప్పు ఆయనది కాదని.

ఇదే మీరందరూ అడిగిన ప్రశ్న. 144 సెక్షను కింద వచ్చే డబ్బు పిల్లలకు పద్దెనిమిది నిండేవరకే. ఆడపిల్లయినా, మగపిల్లవాడయినా అంతే. ఇంటరులో ఉన్నా, డిగ్రీలో ఉన్నా అంతే. ఒకే ఒక్క మినహాయింపు, శరీరంలోనో మనసులోనో లోపం ఉండి, గాయమై, తనను తాను పోషించుకోలేని బిడ్డ. అలాంటి బిడ్డకు వయసుతో పని లేదు, కొడుకైనా వస్తుంది, పెళ్లికాని కూతురైనా వస్తుంది. మన ఊళ్లలో సదరం సర్టిఫికెట్టు ఉన్న పిల్లలున్న ఒంటరి తల్లులు పింఛనుతో సరిపెట్టుకుంటున్నారు, తండ్రిని అడగవచ్చని చాలామందికి తెలియదు. సర్టిఫికెట్టు ఒక్కటే చాలదు, పని చేసుకుని బతకలేడని డాక్టరు రాసింది కూడా పెట్టాలి.

మరి ఆరోగ్యంగా ఉండి చదువుకుంటున్న ఆడపిల్ల సంగతి? ఆమెకు ఈ తలుపు మూసుకుంటుంది గాని, పక్కన ఇంకో తలుపు ఉంది. 1956లో వచ్చిన హిందూ దత్తత, మనోవర్తి చట్టం. అందులో 20వ సెక్షను ప్రకారం పెళ్లికాని కూతురు తన సంపాదనతోగాని, తన ఆస్తితోగాని బతకలేని పరిస్థితిలో ఉంటే తండ్రి పోషించాలి. అక్కడ పద్దెనిమిది అన్న గీత లేదు. మనోవర్తి అంటే తిండి, బట్ట, ఇల్లు, చదువు, వైద్యం అని ఆ చట్టంలోనే రాసి ఉంది, పెళ్లికాని కూతురికైతే పెళ్లి ఖర్చు కూడా ఉంది. ఈ రెండు తలుపుల సంగతి 2020 సెప్టెంబరులో అభిలాష ప్రకాష్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మేజరైన, లోపమేమీ లేని కూతురు 125 కింద అడగలేదు, 20వ సెక్షను కింద అడగగలదు అని. ఆ కేసులో అమ్మాయి మేజిస్ట్రేటు కోర్టు నుంచి సుప్రీంకోర్టుదాకా మొదటి తలుపే తడుతూ పోయింది. చివరికి రెండో తలుపు తట్టుకో, నీకు ఆ అవకాశం ఉంది అన్నారు. అప్పటికి ఎన్నేళ్లు పోయాయో చూడండి.

కాబట్టి పిల్లకు పద్దెనిమిది నిండాక వారంటు అర్జీ వేసి, వాయిదాలకు తిరిగి, కొట్టేయించుకుని రావద్దు. వేరే కేసు వేయాలి. అది తల్లి పేరు మీద కాదు, అమ్మాయి తన పేరు మీద తానే వేయాలి, మేజరు కదా. జిల్లాలో ఫ్యామిలీ కోర్టు ఉంటే అక్కడ వేయాలి.

మా చెల్లెలి కూతురు బీఎస్సీ నర్సింగులో చేరింది. మొదట ఒప్పుకోలేదు ఆ పిల్ల. "నాన్న మీద నేను కేసు వేయడమేంటి, అమ్మ వేస్తే అది వేరు" అంది. రెండు వారాలు ఆలోచించుకోనిచ్చాం. బలవంతం చేయలేదు. కాలేజీలో పరీక్ష ఫీజు కట్టే రోజున తనే ఫోను చేసింది. కేసు వేయడానికి డబ్బులు కూడా అక్కర్లేదు. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలోగాని, మన కోర్టులో ఉండే మండల కమిటీలోగాని అడగాలి. 15100కు ఫోను చేసినా చెప్తారు.

ఈసారి లెక్కలో ఒక తకరారు వచ్చింది. తండ్రి తరఫు లాయరు "ఫీజు రీయింబర్స్‌మెంటు వస్తుంది, ఇంక తండ్రి ఏం కట్టాలి?" అన్నాడు. మంచి ప్రశ్నే. అందుకే మేం గవర్నమెంటు ఇచ్చేది తీసేసి, చేతి నుంచి పడేది మాత్రమే చూపించాం. హాస్టలు, మెస్సు, యూనిఫారం, పుస్తకాలు, పరీక్ష ఫీజులు, రాకపోకలు కలిపి ఏడాదికి 66,000. అదే నాలుగు వంతుల లెక్కన ఆయన వంతు 52,800, అంటే నెలకు 4,400. ఎక్కువ అడిగి బేరం ఆడదామని కొందరు సలహా ఇచ్చారు. మేం రసీదులకు మించి ఒక్క రూపాయి అడగలేదు. అందువల్లనే ఆయన లాయరుకు పట్టుకోవడానికి ఏమీ దొరకలేదని నా అభిప్రాయం.

2025లో లోక్ అదాలత్‌లో రాజీ అయింది. నెలకు 4,500 ఇస్తానన్నాడు. రాజీ కాగితంలో మొదట "వివాహం అయ్యేవరకు లేదా రెండు సంవత్సరాల వరకు" అని టైపు చేశారు. మా లాయరమ్మ చదివి ఆపింది. నర్సింగు నాలుగేళ్లు. రెండేళ్లకు ఆగిపోతే మిగిలిన రెండేళ్లు ఎవరు కడతారు? "కోర్సు పూర్తయ్యేవరకు, ప్రతి నెల పదో తేదీలోగా, అమ్మాయి బ్యాంకు అకౌంటుకు" అని మార్పించింది. పెళ్లి ఖర్చు సంగతి ఈ రాజీలో లేదు, అది అడిగే హక్కు అలాగే ఉంటుందని కూడా ఒక లైను రాయించింది. లోక్ అదాలత్ అవార్డు సివిలు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మనకు అనుకూలమైన మాట ఉన్నా అంతే, పొరపాటున పడిన మాట ఉన్నా అంతే. సంతకం ముందు చదివించుకోండి, చదివేవాళ్లు తొందరపడితే ఇంకోసారి చదవమనండి. ఆయన కట్టకపోతే ఈ డిక్రీ మీద జీతం అటాచ్ చేయించవచ్చు. మామూలు అప్పుల డిక్రీకైతే జీతంలో కొంచెమే అటాచ్ చేయగలరు, మనోవర్తి డిక్రీకైతే మూడింట రెండు వంతుల వరకు చేయొచ్చు.

ఇక్కడ కొందరికి బాధ కలిగించే మాట చెప్పాలి. ఈ రెండో తలుపు హిందూ చట్టంలోది. బౌద్ధులకు, సిక్కులకు, జైనులకు కూడా వర్తిస్తుంది. మన ఎస్టీ అక్కలకు ఆ చట్టం వర్తించదు, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప. క్రైస్తవులకూ వర్తించదు. ముస్లిం అక్కలకు వాళ్ల పర్సనల్ లాలో కూతురికి పెళ్లయ్యేవరకు తండ్రి బాధ్యత ఉంది, 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఆ సంగతి గుర్తుచేసింది. తండాల నుంచి, క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు పద్దెనిమిది అన్న గీతను గట్టి గీతగానే చూసుకోవాలి. పదోతరగతిలోనే అర్జీ వేయాలి, ఫీజు విడిగా రాయించుకోవాలి, రాజీ ఏదైనా జరిగితే కాలేజీ చదువు సంగతి అప్పుడే రాయించుకోవాలి. ఇలా మతాన్ని బట్టి, కులాన్ని బట్టి ఆడపిల్ల చదువు మారడం నాకైతే న్యాయంగా అనిపించదు. ఈ సభ తరఫున ఒక తీర్మానం చేసి పైకి పంపాలని నా ప్రతిపాదన, మినిట్స్‌లో రాయండి.

మగపిల్లల తల్లులు ఇప్పటికే నా మొహం చూస్తున్నారు. మగపిల్లవాడికి పద్దెనిమిది నిండితే రెండు తలుపులూ మూసుకుంటాయి, లోపమేదైనా ఉంటే తప్ప. "చదువు మధ్యలో ఉన్నాడు కదా" అంటే చట్టంలో ఆ మాట లేదు. పద్దెనిమిదేళ్లకే ఏ పిల్లాడు సంపాదిస్తున్నాడని, తల్లి మీద ఆ భారం మొత్తం పడుతుందని ఢిల్లీ హైకోర్టు 2021లో ఒక కేసులో తల్లికే నెలకు 15,000 ఇప్పించింది, కొడుకు డిగ్రీ పూర్తయ్యేవరకు లేదా సంపాదన మొదలయ్యేవరకు. అది కొడుకు మనోవర్తి కాదు. తల్లి ఖర్చులో కొడుకు చదువును కలిపి చూశారు. అది వేరే రాష్ట్రం హైకోర్టు, మన కోర్టు దాన్ని పాటించి తీరాలని లేదు. చూపించి అడగవచ్చు. అంటే మగపిల్లవాడి విషయంలో తల్లి తన సొంత మనోవర్తి కేసును వదులుకోకుండా ఉండటం ముఖ్యం. చాలామంది "నాకేం వద్దు, పిల్లలకిస్తే చాలు" అని తమ పేరు తీసేయించుకుంటారు. మా చెల్లెలు 2019లో అదే చేసింది. ఇది ఆమె మూడో తప్పు, అప్పుడు అది తప్పని మాకూ తెలియదు.

ఆ పిల్లాడికి ఇప్పుడు పదహారు దాటాయి, పదో తరగతి పాసై ఇంటరులో చేరాడు. ఆమె తన పేరు మీద వేరే అర్జీ వేయడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాం. అతనికి పద్దెనిమిది నిండేలోపల ఆమె సొంత మనోవర్తికి ఆర్డరు రావాలి, ఫీజు అర్జీ ఇంకోసారి పెంచించాలి. తండ్రి ఈ మధ్య కూతురితో ఫోనులో మాట్లాడుతున్నాడట, కొడుకు ఇంజినీరింగు సంగతి తనే చూసుకుంటానన్నాడట. మంచిదే, చూసుకుంటే సంతోషం. కాగితం మీద రాసివ్వమని కబురు పెట్టాం. ఇంకా జవాబు రాలేదు.

మీ ఊళ్లో ఇలాంటి కేసు ఉంటే పిల్లల పుట్టిన తేదీలు, ఆర్డరు కాపీ, పాసుబుక్కు పట్టుకుని రండి. ప్రతి నెల రెండో మంగళవారం మా కమిటీ సమాఖ్య ఆఫీసులోనే కూర్చుంటుంది.